ఊరివాళ్ళ దూది

ముందు గోడ మోగింది. రెండు దగ్గులు, ఒక ఈల, ఆ తరువాత ఇక ఆగని గరగర. టేబుల్ మీద స్టాప్లర్ వణికింది. ఆనంద్ బాబు జెరాక్స్ మిషన్ మూత వేసి, దాని మీద పడ్డ తెల్లటి నూగును అరచేత్తో తుడిచి, గోడ కేసి చూసి ఒక బూతు మాట అనుకున్నాడు.

ఆ గోడకు అవతల అమీనా బీ పరుపుల కొట్టు. నరసరావుపేటలో ఆ వీధి వీధంతా ఆమె దూదేకే మిషన్‌తోనే నిద్రలేస్తుంది. దూది నూగు ఎండలో మెల్లగా ఎగురుతూ, కరిగిపోవడం తెలియని మంచులా, చుట్టుపక్కల కొట్లన్నిటి మీదా వాలుతుంది. ఇస్త్రీ కొట్టు వాడికి అలవాటైపోయింది. ఆనంద్ బాబుకు కాలేదు. అతని జెరాక్స్ మిషన్ ఏడాదిలో మూడు సార్లు ఆ నూగు మింగి మూలపడింది. మునిసిపాలిటీకి అర్జీ పెట్టాడు. ఆ సంగతి ఆమెకు తెలుసు. ఆమెకు తెలుసని అతనికీ తెలుసు.

అందుకే గరగర ఆగి, కనుబొమల నిండా దూదితో ఆమె గుమ్మంలో నిలబడితే ఆశ్చర్యపోయాడు.

"బ్యాంకుకు ఒక లెటర్ కొట్టాల. ఎంత తీసుకుంటావు?"

"వంద."

"మసీదు పక్కనాయన యాభైకి కొడతాడు."

"ఆయన దగ్గరికే పో పిన్నీ. నా మిషన్‌కి నీ దూది తప్ప ఇంకేం పట్టట్లేదు."

"ఆయన కొట్టు మూసుండాడు గాబట్టి నీ గుమ్మం తొక్కాల్సొచ్చింది. లేకుంటే అర్జీలు రాసే చేత్తో నాకేం పని?"

పని ఏమిటో గొణుగుతూనే చెప్పింది. వేసవిలో మాచర్ల వైపు నుంచి బూరుగు కాయలు లారీల్లో దిగుతాయి. దిగిన వారం చవక. ఆ వారంలో చేతిలో డబ్బుండి కొన్నవాళ్ళే జూన్‌లో హాస్టళ్ళకు దిండ్లు, పరుపులు కుట్టి నాలుగు రూపాయలు కళ్ళజూస్తారు. డబ్బు లేనివాళ్ళు హోల్‌సేల్ అబ్దుల్ మజీద్ దగ్గర అరువు తెచ్చుకుంటారు. మజీద్ అరువిస్తాడు, కానీ కుట్టిన పరుపులు తనకే, తను చెప్పిన ధరకే అమ్మాలంటాడు. భర్త ముర్తుజా పోయినప్పటి నుంచి ఆమె బతుకు మజీద్ ధరకే అమ్ముడుపోతూ వచ్చింది. ఈ ఏడు బ్యాంకులో మూడు లక్షలు అడగాలనుకుంది. లారీలు రావడానికి ఇంకా నెల ఉంది.

ఆనంద్ బాబు కీబోర్డు వంక చూస్తూ టైపు కొట్టాడు. గౌరవనీయులైన బ్రాంచ్ మేనేజర్ గారికి. విషయం: వర్కింగ్ క్యాపిటల్ రుణం కొరకు. ముద్రా లోను లెటర్లు అతను ఎన్నో కొట్టాడు. 'ఉద్దేశం' దగ్గర దూది, గుడ్డ కొనుగోలు అన్నాడు. 'తిరిగి చెల్లింపు' దగ్గర ప్రతి నెలా సమాన వాయిదాలు అన్నాడు. చేతిలో ఉన్న సరుకు దగ్గర వేళ్ళు ఆగాయి. పొద్దున అటు వెళ్తూ చూసిన దృశ్యం గుర్తొచ్చింది. నేల నుంచి రేకుల దాకా దూది మూటలు, మబ్బులు వచ్చి అద్దెకు దిగినట్టు. 'రెండున్నర లక్షల విలువ గల సరుకు' అని కొట్టాడు. ఆమెను అడగలేదు. అడిగితే మళ్ళీ మాట్లాడాలి.

"చదివి వినిపిస్తావా?"

"చదవడానికి ఇంకో యాభై."

ఆమె కాగితం లాక్కుని సంతకం చేసింది. వంద నోటు టేబుల్ మీద పెట్టలేదు. "లోను వచ్చినాక" అని వెళ్ళిపోయింది.

పది రోజుల తరువాత బ్యాంకు ఫీల్డాఫీసర్ అర్చన స్కూటీ దిగింది. ఎండకు మొహం కందిపోయి ఉంది. కొట్టు లోపల అడుగు పెట్టగానే తుమ్మింది. ఆనంద్ బాబు తన గుమ్మంలోంచే వింటున్నాడు.

"ఈ మూటలన్నీ మీవేనా?"

"నావెందుకైతాయి? ఆ ఎర్ర పీలిక కట్టింది నడికుడి రైల్వే ఆయనది. ఇది నాదెండ్ల నుంచి ప్రేమకుమారి టీచరమ్మ తెచ్చింది, వాళ్ళమ్మ పరుపు. ఆ మూలది బాలింతది, రేపిచ్చెయ్యాల. పాత పరుపులిప్పి తెస్తారు, ఏకి కుట్టి ఇస్తా. నాకు కూలి."

"మరి మీ సొంత సరుకు?"

అమీనా బీ ఒక మూలనున్న గుడ్డ తానులు, రెండు మూటలు చూపించింది.

అర్చన ఫైల్లోంచి లెటర్ తీసింది. "ఇందులో రెండున్నర లక్షలని రాసి ఇచ్చారు. సంతకం మీదే. ఇది తప్పుడు సమాచారమమ్మా. అప్పుకి ఈ సరుకే మా దగ్గర తాకట్టు ఉంటుంది. మీరు కట్టకపోతే మేం వచ్చి దేన్ని పట్టుకోవాలి, బాలింత పరుపునా?"

తరువాత చెప్పుల చప్పుడు, గోడ చుట్టూ తిరిగి వచ్చింది.

"ఒరేయ్ ఆనందూ! ఊరోళ్ళ పడకలు నా పేరున రాశావంటరా? ఎవుర్నడిగి రాశావు?"

"కంటికి కనపడింది రాశా. అవునని ఒక్క మాట అంటే పోయేదిగా. ఆ బ్యాంకామెకేం తెలుసు?"

"నా నోట్లో మన్ను కొట్టడానికి రాశావు. అర్జీ పెట్టి పీకలేకపోయావు, ఇప్పుడు సంతకంతో పీకుదామనుకున్నావు!"

"ఏయ్, నోరు జాగర్త! నీకోసం పని చేస్తే..."

"పని చేశాడంట! పైసా ఇయ్యకముందే ఇట్టా చేశావు, ఇచ్చుంటే ఏం చేసేవాడివో?"

ఇస్త్రీ కొట్టు వాడు పెట్టె పక్కన పెట్టి చూస్తున్నాడు. వెనకాలే వచ్చిన అర్చన గొంతు పెంచింది.

"ఇద్దరూ ఆపండి! నాకు ఇంకా నాలుగు ఇన్‌స్పెక్షన్లున్నాయి. ఈ లెటర్ నేను తీసుకోను. నిజం రాసి సోమవారం లోపల ఇస్తే చూస్తాను, లేదంటే తిరస్కరించానని రాసేస్తా. నెలనెలా సమాన వాయిదాలని కూడా రాశారు. హాస్టళ్ళ డబ్బు జూన్ జూలైల్లో కదా వచ్చేది? సెప్టెంబర్‌లో ఏం పెట్టి కడతారు?" ఆనంద్ బాబు వైపు తిరిగింది. "అందరికీ ఒకే ఫార్మాట్ కొట్టి పంపుతారు మీరు. మూడు లక్షలు రావు. వచ్చే ఏడాది అమ్మకాల అంచనాలో ఐదో వంతు ఇస్తాం, ఆ అంచనాకి అకౌంట్లో పడ్డ డబ్బు ఆధారం చూపించాలి. ఆ లిమిట్ లోపల కూడా సొంత సరుకు ఎంతుంటే అంతవరకే వాడుకోవాలి."

స్కూటీ దుమ్ము రేపుకుంటూ పోయింది.

శనివారం అమీనా బీ మళ్ళీ వచ్చింది. కూర్చోలేదు. బ్యాంకు స్టేట్‌మెంట్ టేబుల్ మీద విసిరింది.

"కొట్టు. నేను చెప్పింది చెప్పినట్టు."

సోమవారం గడువు గుర్తొచ్చి ఆనంద్ బాబు కీబోర్డు ముందుకు లాక్కున్నాడు. ఆ లెటర్ తిరిగొస్తే వీధంతా తన పేరే చెబుతుంది.

ఆమె గోడ వైపు చూస్తూ చెప్పింది. సొంత సరుకు ఇంతే. మిగతా దూది ఊరివాళ్ళది, నాది కాదు. అప్పు బూరుగు దూదికి, గుడ్డకు మాత్రమే. హాస్టళ్ళ డబ్బు జూన్, జూలైల్లో నేరుగా అకౌంట్లో పడుతుంది, ఆగస్టు ఆఖరుకు వాడుకున్నదంతా కడతాను. మిగతా నెలల్లో అసలు కట్టలేను.

"కట్టలేనని రాస్తే ఎవుడిస్తాడు పిన్నీ?"

"రాయి. ఆ నెలల్లో వడ్డీ మాత్రం కడతా. పాత దూది ఏకిన కూలితో."

అతని వేళ్ళు ఆగాయి. ఏ మూటలైతే సరుకు కాకుండా పోయి లెటర్‌ను ముంచాయో, అవే ఇప్పుడు ఆదాయం వరుసలోకి వచ్చి కూర్చున్నాయి. 'పాత పరుపులు ఏకి కుట్టే కూలి ద్వారా నెలవారీ వడ్డీ' అని కొట్టాడు. ఈసారి అడక్కుండానే పైకి చదివాడు. ఆమె ఒక్కో వాక్యానికీ తల ఊపి, 'మాత్రమే' అన్న చోట మళ్ళీ చదవమంది.

లక్షా ఇరవై వేలకు లిమిట్ మంజూరైంది. అడిగినదాంట్లో సగం కూడా కాదు. లారీలు దిగిన వారంలోనే ఆమె కొనగలిగినంత కొన్నది. మిగతాది మజీద్ అరువిస్తానని కబురు పెడితే, ఈ ఏడు వద్దని చెప్పి పంపింది.

ఆ సాయంత్రం ఆమె ఆనంద్ బాబు గుమ్మంలోకి వచ్చింది. యాభై నోటు ఒకటి టేబుల్ మీద పెట్టింది.

"వంద."

"రెండో కాయితానికి యాభై. మొదటిదానికి నువ్వే నాకియ్యాల."

చంకలోంచి చారల పరుపు గుడ్డ ముక్క ఒకటి తీసి జెరాక్స్ మిషన్ మీదికి విసిరింది. అంచులు కుట్టి ఉన్నాయి. మూలలు మిషన్ కొలతకు సరిగ్గా దిగాయి.

"కప్పుకో. రేపట్నించి బూరుగు కాయలు దులుపుతన్నా. దాని నూగు మామూలు పత్తి మాదిరి కాదు, తలుపేసుకున్నా వచ్చుద్ది. మళ్ళీ అర్జీ పెట్టావంటే మాత్రం, ఆ గుడ్డ లాక్కుపోతా."