కొండల్‌కు ఆశ్రిత ఏమవుతుంది?

రిజిస్టరును రెండు వేళ్లతో పట్టుకుని ఎత్తి, "దీన్నంత ఫొటోలు తీసి కంప్యూటర్ల పెట్టేసినం ఆంటీ, నెలాఖరు నుంచి మీరిగ రెస్ట్ తీస్కోండ్రి" అని అక్షయ్ అన్న రోజున సుగుణమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. రెస్టట, రెస్టు! కిషన్‌బాగ్ నుంచి రెండు ఆటోలు మారి, శాలిబండలో ఆ ఇరుకు మెట్లెక్కి, దాదాపు రెండేళ్లుగా ఒక్క పూట ఆలస్యం కాకుండా వచ్చే మనిషిని పొమ్మనడానికి ఆ పిల్లవాడికి అంతకన్నా మంచి మాట దొరకలేదు.

కింద శ్రవణ్‌కుమార్ వాళ్ల తాతల నాటి స్టీలు సామాన్ల దుకాణం. పైన రెండు గదులు. ఆ గదుల్లో తయారయ్యేది "మెట్లబావి ఇల్లు" అనే సీరియల్. టీవీలో వచ్చేది కాదు, ఫోన్లో వినేది. వారానికి నాలుగు భాగాల చొప్పున నాలుగు వందలు దాటింది. రాసేవాళ్లు ఐదుగురు. ఒకడు రాసింది ఇంకొకడు చదవడు, చదివినా గుర్తుపెట్టుకోడు. ఒక వారం ఎడమ కాలు కుంటిన ముసలాయన ఇంకో వారం కుడి కాలు కుంటుతాడు. వినేవాళ్లు ఊరుకుంటారా? కడిగిపారేస్తారు. మొదట్లో అలా నాలుగుసార్లు పరువు పోయాకే శ్రవణ్‌కుమార్ సుగుణమ్మను పిలిపించాడు.

ఆమె అంతకు ముందు ఇరవై రెండేళ్లు ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దింది. ఆ ప్రెస్సు మూతపడింది గాని ఆమె కళ్లు మూతపడలేదు. పెళ్లి పత్రికలో తాతగారి పేరుకు ఒక కొమ్ము తగ్గినా పట్టుకునే రకం. కంచన్‌బాగ్ ఫ్యాక్టరీ స్టోర్సులో చేసి రిటైరైన భర్త వైకుంఠం, తన పుట్టినరోజు ఎప్పుడో తనకన్నా ఆమెకే బాగా తెలుసని అందరితో చెబుతుంటాడు. అది మెప్పో దెప్పో ఆయనకే తెలియాలి.

ఆమె రిజిస్టరులో ఒక్కో మనిషికి ఒక్కో పేజీ. వయసు, ఊరు, ఒంటి మీది మచ్చ, ఎవరిని ఏమని పిలుస్తారు, ఏ రహస్యం ఏ భాగంలో తెలిసింది, ఇంకా తెలియనిది ఏమిటి. ప్రతి మాట పక్కన భాగం నంబరు. జనం విన్నది పెన్నుతో, ముందు ముందు చేద్దామనుకున్నది పెన్సిలుతో. అనుకున్నది మారొచ్చు, విన్నది మారదు కదా. ఇంకో సంగతి కూడా రాసేది: ఆ మాట చెప్పింది కథకుడా, కథలోని మనిషా అని. మనుషులు అబద్ధం చెప్పొచ్చు, కథకుడు చెప్పకూడదు. ఎవరైనా కొత్త భాగం రాయడానికి కూర్చునే ముందు కావలసిన పేజీలు ఆమె దగ్గర చూసుకోవాలి, రాసి లేచాక కొత్త సంగతులు ఆమెకు చెప్పాలి. అదీ పద్ధతి. ఆ పద్ధతి పెట్టినందుకు ఆ ఐదుగురూ ఆమెను చాటుగా ఇన్‌స్పెక్టరమ్మ అనేవాళ్లు. చాటుగా ఏముందిలే, వినబడేలాగే అనేవాళ్లు.

అక్షయ్, శ్రవణ్‌కుమార్ అన్న కొడుకు. చదువు ముగించుకుని వచ్చి మూడు నెలలే అయింది, వస్తూనే ఆ ఐదుగురిలో ఒకడై మిగతా నలుగురికీ పెద్దయ్యాడు. కథలు రాసిపెట్టే మెషిన్ ఒకటి కంప్యూటర్లో తెరిచాడు. ఆ మెషిన్‌ది ఒకటే జబ్బు: కొత్తగా తెరిచిన ప్రతిసారీ నిన్నటిదేదీ దానికి గుర్తుండదు. మనమే ముందు కూర్చోబెట్టి ఎవరు ఎవరో చెప్పాలి. చెప్పకపోతే మానేయదు, తోచింది కల్పించి నున్నగా రాసిస్తుంది. దానికి చెప్పడానికే అక్షయ్ రిజిస్టరంతా ఫొటోలు తీయించి, అదే మెషిన్ చేత ఇంగ్లీషులో ఒక పట్టిక, అతని మాటలో షీట్, చేయించుకున్నాడు. మంచిదే, తప్పేం లేదు. కాని చేయించినదాన్ని రిజిస్టరుతో పక్కపక్కన పెట్టి ఒక్కసారైనా సరిచూశాడా? చూడలేదు. అంత తీరిక ఆయనగారికి ఎక్కడిది?

ఆ సోమవారం సుగుణమ్మ ఫోన్లో ప్రకటన మోగింది. వచ్చే వారం మెట్లబావి ఇంట్లో బావామరదళ్ల పెళ్లి, కొండల్‌కూ ఆశ్రితకూ మూడు ముళ్లు, తప్పక వినండి అని. కథలో కొండల్ తల్లి కృష్ణమ్మ, ఆశ్రిత తల్లి కొమురమ్మ. వాళ్లిద్దరూ ఒక తల్లి కడుపున పుట్టిన అక్కాచెల్లెళ్లు. అంటే ఆశ్రిత కొండల్‌కు చెల్లెలు. చెల్లెలికి మూడు ముళ్లేమిటి, వీళ్ల మొహాలు మండ!

వచ్చీరాగానే అక్షయ్ దగ్గరికి వెళ్లి, ఆశ్రిత విషయం ఒకటుంది బాబూ అని మొదలుపెట్టింది. అతను తలెత్తకుండానే, అంతా షీట్‌లో ఉంది, ఏదున్నా రాసి పెట్టమన్నాడు. రాసింది. మూడే ముక్కలు, తెలుగులో, గుండ్రటి అక్షరాలతో. మధ్యాహ్నానికి ఆ కాగితం మీద చాయ్ గ్లాసు ఉంది. మర్నాడు మళ్లీ అడిగింది. నెలాఖరు దగ్గరపడేసరికి ఆంటీకి పనిలేక పని కల్పించుకుంటున్నదని అతను అందరి ముందూ అన్నాడు. మిగతా నలుగురూ నవ్వారు. సుగుణమ్మ వచ్చి తన కుర్చీలో కూర్చుంది. కోపం ఒక పక్క, ఏడుపు ఒక పక్క. ఎనిమిది రోజుల్లో పోయే ఉద్యోగం, మనకెందుకులే అని కూడా అనుకుంది. అనుకుని ఆ రాత్రి అన్నం తినలేదు. ఆమె చేతి కింది కథ నలుగురిలో నవ్వులపాలు కావడం ఉద్యోగం పోవడం కన్నా ఎక్కువగా నొప్పి పెట్టింది.

బుధవారం రికార్డింగ్. కొండల్ గొంతు ప్రేమ్‌రాజ్‌ది. జల్‌పల్లి నుంచి వస్తాడు, ఆదివారాలు చర్చిలో పాడతాడు, మంచి గొంతు, అంతకన్నా మంచి జ్ఞాపకం. గదిలోకి వెళ్లి మైకు ముందు నిలబడి మొదటి పేజీ చదవబోయి ఆగిపోయాడు. హెడ్‌ఫోన్ తీసి బయటికి వచ్చాడు.

"మొదటి ఎపిసోడ్ నుంచి కొమురమ్మను చిన్నమ్మా అని పిలుస్తున్న. గియ్యాల అత్తా అని రాసిండ్రు. చిన్నమ్మ అత్త ఎప్పుడైంది భాయ్? నేను నా చెల్లెను చేసుకుంటున్ననా?"

కింద దుకాణంలో ఉన్న శ్రవణ్‌కుమార్‌కు కబురు వెళ్లింది, ఆయన ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చాడు. ప్రకటన ఇప్పటికే జనం ఫోన్లలో మోగుతోంది, పన్నెండు భాగాల పెళ్లి ముచ్చట రాయడం కూడా అయిపోయింది. తప్పు ఎవరిదని అడిగాడు. అక్షయ్ ఏమాత్రం తడుముకోలేదు.

"రిజిస్టర్‌లనే తప్పుంది బాబాయ్. షీట్‌ల కజిన్ అని ఉన్నది. ఆంటీ రాసిందాన్ని చూసే గదా షీట్ చేసినం."

ఎంత సుళువుగా అనేశాడో! సుగుణమ్మకు ఒళ్లు మండింది. రిజిస్టరు తెచ్చి శ్రవణ్‌కుమార్ ముందు బల్ల మీద తెరిచి, కొమురమ్మ పేజీలో వేలు పెట్టి పైకి చదివింది. కృష్ణమ్మ సొంత చెల్లెలు. కొండల్‌కు చిన్నమ్మ. ముప్పై ఎనిమిదో భాగం, కథకుడి మాట. కింద ఆశ్రిత: కొండల్‌కు చిన్నమ్మ కూతురు, చెల్లెలి వరుస.

"నేను చిన్నమ్మ బిడ్డ అని రాసిన సేటూ. మెషిన్ దాన్ని కజిన్ అన్నది. మేనత్త బిడ్డా కజినే, చిన్నమ్మ బిడ్డా కజినే. ఒకామెను చేసుకోవచ్చు, ఒకామెకు అన్న కావాలె. గా కజిన్ అనే మాటల ఏ వరుసో తెల్వదు. సోమారమే చెప్పిన, కాయితం గూడ ఇచ్చిన."

కాగితం ఎక్కడుందని శ్రవణ్‌కుమార్ అడిగాడు. చాయ్ మరకతో సహా అది అక్షయ్ బల్ల మీదే దొరికింది. ఆయన చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. అన్న కొడుకు మరి, నలుగురిలో ఏమంటాడు?

అక్షయ్ మాత్రం ఊరుకోలేదు. ముప్పై ఎనిమిదో భాగం ఎవరికి గుర్తుంటుంది, కొమురమ్మను కొండల్ తండ్రికి చెల్లెల్ని చేసేద్దాం, రిజిస్టరులో ఆ ఒక్క మాట కొట్టేసి మేనత్త అని రాస్తే సరిపోతుందన్నాడు. పెన్ను తీసి సుగుణమ్మ ముందు పెట్టాడు కూడా. శ్రవణ్‌కుమార్ ఆమె మొహం వైపు చూస్తూ, మార్చొచ్చా అక్కా అని అడిగాడు. ఆ గొంతుతో మార్చమనే బతిమాలుతున్నాడు.

ఆమె పెన్ను ముట్టుకోలేదు. ఆ ఒక్క మాటను పట్టుకుని ఉన్నవి ఏమిటో పేజీలు తిప్పుతూ చదవసాగింది. అరవై ఒకటి: కృష్ణమ్మ, కొమురమ్మ ఇద్దరూ కన్నతల్లి శవం మీద పడి ఏడ్చారు, ఒకే తల్లి. నూట నలభై: నాకున్నది ఒక్కతే చెల్లెలు, సావిత్రి అని కొండల్ తండ్రి అన్నాడు, కథకుడు కూడా అదే అన్నాడు. రెండు వందల మూడు మొదలు మూడు వందల పది దాకా: కొడుకుల్లేని తండ్రి తన మెట్లబావి ఇంటిని కూతుళ్లు కృష్ణమ్మ, కొమురమ్మలకు రాసిపోతే ఆ ఇద్దరి మధ్యా పంచాయితీ. ఆమె ఆగి తలెత్తింది. కొమురమ్మ ఆ ఇంటి కూతురు కాకపోతే నూరు భాగాల పాటు కొట్లాడుకున్నది ఎవరు, ఎందుకు అని అడిగింది. ఇంకా పంతొమ్మిది చోట్లున్నాయి, చదవమంటారా అంది.

చదవొద్దని శ్రవణ్‌కుమార్ చెయ్యి అడ్డం పెట్టాడు. పన్నెండు భాగాలూ పక్కన పడేయమన్నాడు. అవి రాసిన నలుగురూ సుగుణమ్మ వైపు చూసిన చూపుకు పచ్చగడ్డి భగ్గుమనేది. తప్పు చేసిన వాడి మీద కాదు కోపం, తప్పు చదివి వినిపించిన మనిషి మీద. నెలాఖరు తర్వాత కూడా నువ్వే ఉండాలె అక్కా అని శ్రవణ్‌కుమార్ నెమ్మదిగా అన్నాడు. అలాంటి మాట నలుగురిలో గట్టిగా అంటే ఆయన సొమ్మేం పోతుందో.

"ఉంట సేటూ. మెషిన్ ఉండనియ్యండ్రి, షీట్ గూడ ఉండనియ్యండ్రి. వరుసలు మాత్రం తెలుగుల ఉండాలె, నేను సరిచూసినంకనే దానికి ఇయ్యాలె. గీ బాబు గూడ రాసేముందు నన్నడగాలె. కాదంటే ఇప్పుడే పోత."

శ్రవణ్‌కుమార్ తలూపాడు. అక్షయ్ పళ్లు కొరుక్కుంటూ నిలబడ్డాడు. కాని ప్రకటన వెళ్లిపోయింది, జనానికి బావామరదళ్ల పెళ్లి కావాలి, సోమవారానికి ఏదో ఒకటి రాయాలి. అడగక తప్పలేదు.

"కొండల్‌కు మరదలు వరుసయ్యేటోళ్లు ఇంకెవరున్నరు?"

సుగుణమ్మ తొందరపడలేదు. కొండల్ పేజీ తీసింది, సావిత్రి పేజీ తీసింది, ఇంకో పేజీ తీసింది.

"ఒక్కతే. మేనత్త సావిత్రి బిడ్డ, కీర్తిప్రియ."

"గామెతోనే చేద్దాం."

"ఎట్ల చేస్తవ్ బాబూ? పోయిన నెల మూడు వందల తొంభై ఏడో భాగంల, నన్ను అడగకుంట, లారీ కిందేసి సంపింది నువ్వే గదా."