వంక పడిన పొట్టేలు

మా జాలారిపేటలో పోతమ్మత్త ఇంటికీ మా ఇంటికీ మధ్య సందు ఉంది. ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకి ఒదగాలి. ఆ సందులోనే ఆవిడ పొట్టేలుని కట్టేది. దానికి వెనక్కి తిరగడానికి కూడా చోటు చాలేది కాదు. మా వంటింటి కిటికీ తీస్తే దాని కొమ్ములు కనిపించేవి. తొమ్మిదో తరగతిలో బడి మానేశాక నేను ఎక్కువగా ఆ కిటికీ దగ్గరే ఉండేదాన్ని. అందుకే ఆ పొట్టేలు సంగతి నాకు బాగా తెలుసు.

అది మొక్కు పొట్టేలు. పోతమ్మత్త కొడుకు సింహాద్రి ఎక్కిన బోటు ఇంజను చెడి సముద్రంలో కొట్టుకుపోయినప్పుడు, ఆవిడ ఒడ్డున నిలబడి గంగమ్మ తల్లికి మొక్కుకుంది. బోటు తిరిగి వచ్చింది. వచ్చే పండగకి ఇవ్వాలని పొట్టేలు పిల్లని కొని పెంచింది. మొక్కిన జీవానికి వంక ఉండకూడదని మా పేటలో కట్టడి. చెవి చిరగకూడదు, కొమ్ము విరగకూడదు, పండగ దాకా ఒంటి మీద కత్తి పడకూడదు. అమ్మవారి పేరు పెట్టాక అమ్ముకోకూడదు, ఇంట్లో వండుకోకూడదు.

పోతమ్మత్త చేపల గంప ఎత్తుకుని మద్దిలపాలెం దాకా తిరిగేది. గీచి గీచి బేరమాడేవాళ్ళని, "సేప కొంటన్నావా, సముద్రం కొంటన్నావా?" అని నవ్వించి మరీ అమ్మేది. పొట్టేలు దగ్గర మాత్రం ఆవిడకి బేరం లేదు. పూటపూటకీ తవుడు, నూకలు, నానేసిన శెనగలు గిన్నె నిండా పెట్టేది. వీధిలో వాళ్ళూ అమ్మవారికి పెట్టినట్టే అనుకుని తలా గుప్పెడు గింజలు వేసేవాళ్ళు. ఆకు, గడ్డి పెడితే పొట్ట జారుతుందని, నీళ్ళు ఎక్కువ తాగితే కండ వదులవుతుందని ఆవిడ నమ్మకం. పొద్దున కుళాయి వచ్చినప్పుడు ఒక బకెట్టు చూపించేది, అంతే. పొట్టేలు నూనె రాసినట్టు నిగనిగలాడేది.

సింహాద్రి మళ్ళీ వేటకి వెళ్ళాడు. పండగ దగ్గర పడుతోంది. అప్పుడే ఒకరోజు దాని పొట్ట కింద బొచ్చు చివర్ల తెల్లగా, గరుగ్గా ఏదో అంటుకుని ఉండటం చూశాను. నాకు మాట పెగలడం కష్టమే, అయినా చెప్పాను.

"అత్తా, కిందంతా ఇసక లాగ అంటుకుందత్తా."

"సముద్రం ఒడ్డున ఇసక కాక పంచదార అంటుకుంటాదేటే గుంటా?" అంది నవ్వుతూ.

మర్నాడు అది వెనక కాళ్ళు బాగా వెనక్కి చాపి, నడుము వంచి, తోక ఆడిస్తూ ముక్కింది. చుక్క చుక్కే పడింది. పెంటికలు కట్టేశాయనుకుని పోతమ్మత్త ఆముదం పట్టించింది. ఆ తర్వాతి రోజు చుక్క కూడా పడలేదు. మేత ముట్టలేదు. కాలితో పొట్టని తన్నుకుంటూ, పళ్ళు కొరుకుతూ, ఒళ్ళంతా వణికింది.

గుడి పెద్ద అర్జునరావు వచ్చి చూశాడు. బలి ముందు పసుపునీళ్ళు చల్లితే పొట్టేలు వణకాలి, అప్పుడే తల్లి ఒప్పుకున్నట్టు. ఆయనకి ఆ వణుకే గుర్తొచ్చింది.

"తల్లి తొందర పడతన్నాది సెల్లీ. పండగ దాకా ఆగేలా నేదు. ఇప్పుడే ఇచ్చీ."

"రోగంతో ఉన్నదాన్ని తల్లికెలాగిత్తాను అన్నా? నా కొడుకు నీళ్ళ మీద ఉన్నాడు!"

ఆవిడ ఆటో పిలిచింది. వెనక కాళ్ళు పట్టుకోవడానికి నన్ను ఎక్కమంది.

పశువుల ఆసుపత్రిలో డాక్టరు ప్రసన్నకుమారి పొట్ట నొక్కి చూసి, కింద బొచ్చు వేళ్ళతో నలిపింది.

"ఇది ఎన్నాళ్ళ నుంచి ఉంది?"

పోతమ్మత్త నా వైపు చూసింది. తల దించుకునే చెప్పాను, మూడు రోజుల నుంచి అని.

"రాళ్ళమ్మా ఇవి. మగ జీవాలకి మూత్రం దారి సన్నం, పైగా వంకర్లు. చివర సన్నటి పురుగులాంటి ముక్క ఉంటుంది, రాయి అక్కడే ఇరుక్కుంటుంది. దాన్ని కత్తిరిస్తే దారి తెరుచుకోవచ్చు."

పోతమ్మత్త మొహం పాలిపోయింది. "కత్తిరించడం ఏటమ్మా? అది మొక్కుది. కత్తి పడితే వంక పడిపోద్ది."

"మీ మొక్కు సంగతి నాకు తెలీదమ్మా. ఉచ్చ బుడ్డ పగిలేలా ఉందని మాత్రం తెలుసు. పగిలితే నొప్పి తగ్గి ఇది ఊరుకుంటుంది. బాగైందనుకుంటారు. ఆ తర్వాత చచ్చిపోతుంది."

పోతమ్మత్త వరండాలోకి వచ్చి సింహాద్రికి ఫోను చేసింది. బోటు ఎక్కడుందో, అందలేదు. మళ్ళీ చేసింది. కోయిస్తే మొక్కు తప్పినట్టు. కోయించకపోతే మొక్కు పొట్టేలు ముందే చచ్చినట్టు. ఎటు చూసినా కొడుకు మీదకే వస్తోంది. లోపల పొట్టేలు మూలుగుతోంది. ఆ మూలుగు ఆగితేనే భయమని ఇప్పుడు మా ఇద్దరికీ తెలుసు. ఆవిడ చెంగు నెత్తిన కప్పుకుని, గోడ వైపు తిరిగి, "కొయ్యండమ్మా" అంది.

పొట్టేలుని మనిషిలా కూచోబెట్టి పట్టుకున్నాం. డాక్టరు మందు పూసి ఆ చివరి ముక్క కత్తిరించింది. నూకగింజంత రాయి దాంట్లోనే ఉంది. కాసేపటికి ఉచ్చ ఎర్రగా, ఆ తర్వాత ధారగా వచ్చింది. పోతమ్మత్త ఆ నేల మీదే చతికిలబడింది.

డాక్టరు ఇంజక్షన్లు చేస్తూ చెప్పింది. "మీరు ప్రేమగా పెట్టిందే దీనికి రాయైంది. తవుడులో, గింజల్లో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. మేత మొత్తం మీద కాల్షియం భాస్వరానికి రెట్టింపు ఉండాలి. తవుడు, గింజలు బాగా తగ్గించండి. కడుపు నిండేది గడ్డితో, సుబాబుల్, అవిశ లాంటి ఆకులతో. ఎప్పుడు చూసినా బకెట్లో మంచినీళ్ళుండాలి. ఉప్పు పెడితే ఎక్కువ తాగుతుంది. ఈ అమ్మోనియం క్లోరైడ్ పొడి నేను చెప్పిన కొలతకి మించకుండా దాణాలో కలపండి. ఒకసారి వచ్చిన రాళ్ళు మళ్ళీ రావచ్చు. కత్తిరించడానికి ఇంక ఆ ముక్క లేదు."

సింహాద్రి క్షేమంగా వచ్చాడు. అయినా అర్జునరావు పొట్టేలుని గుడి మెట్టు ఎక్కనివ్వలేదు.

"కత్తి పడిపోనాది సెల్లీ. వేరేది పెంచి ఇయ్యాల. అందాకా మొక్కు నీ నెత్తినే."

"పోనీ దీన్ని కూర వండీ అమ్మా," అన్నాడు సింహాద్రి.

"నోర్ముయ్! పేరెట్టింది తల్లికి."

అలా పాతది ఉండిపోయింది, కొత్త పిల్ల వచ్చింది. విప్పి వదులుదామంటే బయట రోడ్డు. ఒకే సందులో రెండు పొట్టేళ్ళు, నాలుగు బకెట్లు. పోతమ్మత్త తెల్లారకుండానే ఆకు కోసుకొస్తుంది, పొడి తూచి కలుపుతుంది. వీధిలో ఎవరైనా గుప్పెడు బియ్యంతో వస్తే చెయ్యి పట్టుకుని వెనక్కి పంపిస్తుంది. చేపలు మా వీధి చివరే అమ్ముకుని వచ్చేస్తోంది. ఎలమంచిలిలో కూతురు ఈశ్వరి నెలలు నిండి ఉంది, రమ్మని ఫోను. "ఎలాగొత్తానే? ఈటి కాడ ఎవరుంటారు?" అంటుంది. నేను చూసుకుంటానంటే వినదు.

మొన్న సింహాద్రి మళ్ళీ వేటకి బయల్దేరాడు. వీధి మొదట్లో ఆటోలో బోటు వాళ్ళు కేకలేస్తున్నారు. పోతమ్మత్త గుమ్మానికి అడ్డంగా నిలబడి, సందులో కొత్త పిల్ల వెనక కాళ్ళ వైపే చూస్తోంది.

"అమ్మా, అయిందా?"

"ఉండరా. ఇంకా పొయ్యనేదు."

"నాను బోటెక్కడానికీ అది ఉచ్చ పొయ్యడానికీ ఏటమ్మా సంబంధం?"

"నాకు తెల్దు. అది పోసేదాకా నువ్వు గడప దాటకు."

ఆటోలోంచి ఎవడో, "సింహాద్రి బావా, పొట్టేలు టిక్కెట్టు కొట్టిందేటి?" అని అరిచాడు. అందరూ నవ్వారు. సింహాద్రీ నవ్వాడు గానీ సంచి దించి గడప లోపలే కూచున్నాడు. పిల్ల ఆకు నములుతూ నిలబడే ఉంది. పోతమ్మత్త వంగి నీళ్ళ బకెట్టు దాని మూతి దగ్గరికి జరిపింది.