పంచమి దాటాక రమ్మన్నారు

ఫ్యాక్టరీలు ఒక్కొక్కటీ మూతపడుతున్న రోజులు. పటాన్‌చెరులో పని పోయాక మా ఆయన నాతో మాట పట్టింపు పెట్టుకుని, చెప్పకుండా వెళ్లిపోయాడు. నాలుగు నెలలకు సోలాపూర్ నుంచి కార్డు వచ్చింది. "నీకిష్టముంటే రా" అని ఒక్క ముక్క, కింద అడ్రసు.

పోవాలని ఉంది. నన్ను చూసి మొహం తిప్పుకుంటే ఎలా అన్న భయమూ ఉంది. ఆ సాయంత్రమే మెదక్‌లో మా వీధి చివర ప్రశ్న చెప్పే అయ్యగారి దగ్గరకు వెళ్లాను. అడిగిన క్షణానికి తూర్పున ఏ రాశి ఉదయిస్తుందో, అదే లగ్నంగా జవాబు చెప్తారు. ఆయన గోడ గడియారం చూసి, పుస్తకంలో రాసుకుని, పంచాంగం తిప్పారు.

"ఇయ్యాల బహుళ ద్వాదశి తల్లీ. చంద్రుడు పలుచగైండు, బలం లేదు. ఇప్పుడు చెప్పిన జవాబు నిలువది. అమాస పోయి పంచమి దాటినంక, పొద్దు పొడిచే యాళ్లకు పరిగడుపున రా."

ఆయన మాట నాకు చల్లగా తోచింది. భయపడేవాళ్లకు వాయిదా పాయసం లాంటిది. దీపావళికి ఒక్క ప్రమిద వెలిగించుకుని, ఒక్కదాన్నే కూర్చున్నాను. వీధి నిండా టపాకాయలు. నాకు ఏడుపొచ్చింది.

షష్ఠి నాడు సూర్యోదయానికే వెళ్లాను. "తుల, చర లగ్నం. చంద్రుడు పెరుగుతుండు, మూడో ఇంట్ల ఉన్నడు. కదులు తల్లీ, పని అయితది" అన్నారు. మధ్యాహ్నానికల్లా సోలాపూర్ దారిలోని జహీరాబాద్‌కు బస్సెక్కాను.

సోలాపూర్‌లో కార్డు మీదున్న అడ్రసు పట్టుకుని వెళ్తే, ఆ గదికి తాళం ఉంది. పక్కగది మగ్గం పనాయన తెలుగువాడే.

"పండుగ దాకా నీకోసం సూసిండమ్మా. విదియ నాడు సంచి సర్దుకొని పోయిండు. ఏడికో చెప్పలే."

తిరిగొచ్చి అయ్యగారి మీద మండిపడ్డాను. ఆయన తన పుస్తకంలో పాత పేజీ తీశారు.

"మనసుల పుట్టి నోటికొచ్చిన మొదటి గడియనే ప్రశ్న కాలం. అది ద్వాదశి నాడు ఏడున్నర. వృషభం, స్థిర లగ్నం. మనిషి ఉన్నకాడనే ఉన్నడని అర్థం."

"మరి నన్నెందుకు తిప్పి పంపిండ్రు?"

"చంద్రుడు క్షీణించినప్పుడు చెడ్డ మాట చెప్పాల్సి వస్తదేమోనని భయపడ్డ."

ఇద్దరం భయస్థులమే. చంద్రుడికి ఇందులో ఏ పాపమూ తెలియదని నా నమ్మకం. స్థిర లగ్నం కాకపోయినా మా ఆయన అక్కడే ఉండేవాడు, కార్డు మీద అడ్రసు ఉంది కదా. ఆ అడ్రసును చదవడానికి నాకు ఏ తిథీ అక్కర్లేదు.

మళ్లీ కార్డు రాలేదు. ఇప్పటికీ బహుళ ద్వాదశి సాయంత్రం ఇంట్లో ఉండలేను. బస్టాండుకు పోయి, జహీరాబాద్ బస్సు కదిలేదాకా నిలబడి వస్తాను.