సంతకం అడగని రోజు

ఇళ్ళు అమ్మిపెట్టే ఆ ఆఫీసులో ఆమెను అందరూ గేటక్క అని పిలిచేవారు. ఎవరింటికి వెళ్ళినా గంట నొక్కి, రెండడుగులు వెనక్కి వేసి, గేటు బయటే నిలబడేది. తలుపు తీసిన మనిషికి మనం మొహంలో మొహం పెట్టినట్టు ఉండకూడదని మేనేజరు మొదటి రోజే నేర్పిన పాఠం అది. ఇరవై ఆరేళ్ళు అలాగే నిలబడింది. ఈ మధ్యే పని మానేసింది. ఇప్పుడు ఎవరైనా పాత సంగతులు కదిపితే పెద్ద పెద్ద బంగళాల గురించి చెప్పదు. పద్నాలుగు మెట్లున్న ఒక డాబా ఇంటి గురించి చెబుతుంది.

అప్పటికి ఆమెకు ముప్ఫై రెండేళ్ళు. అదే ఆఫీసులో ఐదేళ్ళు కౌంటరు దగ్గర కూర్చుని ఫోన్లు ఎత్తింది. ఎత్తి ఎత్తి విసుగొచ్చి, "నన్నూ తిరగనివ్వండి సార్" అని అడిగింది. మేనేజరు కళ్ళజోడు పైనుంచి చూసి ఆర్నెల్లు గడువిచ్చాడు. ఆర్నెల్లలో ఒక్క ఇల్లయినా ఒంటి ఒప్పందం మీద తేవాలి. అంటే, ఇన్నాళ్ళని రాసుకున్నంత కాలం ఆ ఇంటిని అమ్మిపెట్టే బాధ్యత ఒక్క వాళ్ళ ఆఫీసుదే అని ఇంటివాళ్ళు రాసివ్వాలి. తేలేకపోతే మళ్ళీ కౌంటరే.

మూడు నెలలు చెప్పులరిగాయి. కొందరు కిటికీలోంచే చెయ్యి ఊపేవారు. ఒకావిడ కుక్కను వదిలింది. రోజుకు పన్నెండు ఇళ్ళ లెక్కన తిరిగి, ఎవరు ఏమన్నారో అట్టముక్కల మీద రాసుకునేది.

అలా తిరుగుతుండగా ఒక సందులో ఆ బోర్డు కనబడింది. రేకు మీద నీలం రంగుతో చేత్తో రాసింది: "ఇల్లు అమ్మబడును. బ్రోకర్లు రావద్దు." రాసినాయన కిందనే స్కూటరు తుడుచుకుంటున్నాడు. బస్సు డ్రైవరుగా రిటైరైన మనిషి. కింద ఉన్నది ఒక్క గది, అందులో స్కూటరూ పనిముట్లూ. కాపురమంతా మేడ మీద.

ఆమె గేటు బయటే ఆగి, ఫలానా ఆఫీసు నుంచి వచ్చానని చెప్పింది.

"చదువు రాదా అమ్మాయ్?" అన్నాడు డ్రైవరు, తల ఎత్తకుండానే.

"వచ్చండీ. అందుకే లోపలికి రాలేదు. మీరే అమ్ముకోండి, తప్పేముంది. ఒక్క మాట అడిగి వెళ్ళిపోతాను. ఇది అమ్మాక ఎక్కడుందామనుకుంటున్నారు?"

గుడ్డ ఆగింది. మూడు నెలలుగా బోర్డు పెట్టినా ఆ మాట ఆయన్ని ఎవరూ అడగలేదు. అందరూ ఎంతకిస్తావనే అడిగారు.

"మా ఆవిడకి మోకాళ్ళు. కింద ఇల్లు కావాలంది" అన్నాడు ముక్తసరిగా.

"అయితే ఆవిడతో కూడా మాట్లాడాలండీ. ఇల్లు ఎవరి పేరు మీద ఉంది?"

"ఇద్దరి పేరునా. అయితే ఏంటి? నేను చెప్పిందే మాట."

"మాట మీదే కావచ్చండీ. సంతకాలు మాత్రం రెండు కావాలి. ఆవిడ వినకుండా మీ ఒక్కరికీ చెబితే, రేపు పైకెళ్ళి నా మాటలన్నీ మీరే అప్పజెప్పాలి. ఎందుకొచ్చిన తంటా?"

డ్రైవరుకు నవ్వొచ్చింది. ఆదివారం నాలుగింటికి రమ్మన్నాడు.

ఆదివారం ఆమె పద్నాలుగు మెట్లూ ఎక్కింది. మేడ మీద వరండాలో డ్రైవరు భార్య కుర్చీలో కూర్చుని బియ్యం ఏరుతోంది. "వచ్చావా తల్లీ. బేరానికి వచ్చినవాళ్ళంతా కిందే మాట్లాడి కిందనుంచే పోతారు. నాకు వాళ్ళ బట్టతలలు తప్ప మొహాలు తెలీవు" అంది.

ఆమె ముందు ఇల్లంతా చూపించమంది. గదులు చూస్తూ, ఏది ఎప్పుడు కట్టారో అడిగింది. వంటింటి గట్టు డ్రైవరు సెలవు రోజుల్లో తనే పోసుకున్నాడు. పడమటి కిటికీ ఊచలు పాత బస్సు సీట్ల రాడ్లు. చెబుతూ చెబుతూ ఆయన గొంతు మెత్తబడటం ఆమె గమనించింది కానీ, దాని అర్థం అప్పుడు తట్టలేదు.

తర్వాత ముగ్గురూ కూర్చున్నారు. డ్రైవరు ఒక్కొక్క బాణమే వదిలాడు.

"నీ ఒక్కదానికే ఎందుకివ్వాలి? పదిమందికీ చెబుతా. ఎవడు మనిషిని తెస్తే వాడికే కమిషను."

"మీ బస్సు స్టీరింగు నలుగురు పట్టుకుంటే ఎక్కేవారా బాబాయి గారూ? పదిమందికి చెబితే పదిమందీ తలో ధరా చెబుతారు. కొనేవాడు అందులో తక్కువదే పట్టుకుంటాడు. ఇల్లు ఎవరిదీ కానప్పుడు ఎవడూ పేపర్లో ప్రకటనకి పైసా పెట్టడు. నా ఒక్కదానికిస్తే ఫొటోలు, ప్రకటన, కాగితాలు సరిచూడటం నా ఖర్చు. మిగతా ఆఫీసులవాళ్ళు మనిషిని తెచ్చినా వద్దనను, నా కమిషన్లోంచే వాళ్ళకి పంచుతాను. మీకు ఒక్కటే కమిషను, జవాబు చెప్పే మనిషీ ఒక్కరే."

"ఆ కమిషనేదో సగం చేసుకో మరి."

"నా కూలి నేనే నిలబెట్టుకోలేకపోతే, రేపు కొనేవాడి ముందు మీ ధర ఏం నిలబెడతానండీ?"

డ్రైవరు భార్య పకపకా నవ్వింది. "చిక్కావు చూడు" అంది మొగుడితో.

"సంతకం పెట్టాక నువ్వు మొహం చాటేస్తేనో?"

"గడువు తొంభై రోజులే. ప్రతి శనివారం ఎవరొచ్చారో, ఏమన్నారో వచ్చి చెబుతాను. చెప్పకపోతే వారం ముందు కాగితం ఇచ్చి నన్ను మాన్పించెయ్యొచ్చు. ఆ మాట ఒప్పందంలోనే రాశాను, చదవండి."

ధర దగ్గరకొచ్చేసరికి ఇంకో ఆఫీసువాడు చాలా ఎక్కువ చెప్పాడని డ్రైవరు దబాయించాడు. ఆమె వాదించలేదు. ఆ చుట్టుపక్కల ఆర్నెల్లలో అమ్ముడైన మూడిళ్ళ వివరం బల్ల మీద పెట్టింది. అడిగినదెంతో, చివరకు పలికినదెంతో, ఎన్నాళ్ళు పట్టిందో. "ఎక్కువ చెప్పి సంతకం తీసుకోవడం నాకూ చేతనవునండీ. నెల తిరక్కుండా తగ్గించమని మీ చుట్టూ తిరగాల్సొస్తుంది" అంది.

డ్రైవరు కాగితం అటూ ఇటూ తిప్పాడు. "ఆలోచించి చెబుతాం" అన్నాడు.

ఆ మాట దగ్గరే చాలామంది లేచి వచ్చేస్తారు. ఆమె లేవలేదు. "అలాగేనండీ. ఆలోచించాల్సింది ధర గురించా, నా గురించా, అసలు అమ్మడం గురించా?"

డ్రైవరు కిటికీ ఊచల వైపు చూస్తున్నాడు. భార్యే అంది, "అమ్మడం గురించే తల్లీ. వచ్చినవాళ్ళకి ఈయనే ఇంటి మీద చాడీలు చెబుతాడు. ఎండాకాలం ఉడికిపోతుందంటాడు. నీళ్ళు రావంటాడు. నిన్నటిదాకా నాకూ తెలీదు. కింద ఎవరితోనో అంటుంటే విన్నాను."

డ్రైవరు మొహం కందిపోయింది. "ఊరుకోవే" అన్నాడు, కానీ అందులో కోపం లేదు.

ఆమె చేతిలో కలం ఉంది. ఇంకో పది నిమిషాలు నచ్చజెబితే ఆయన సిగ్గుకొద్దీ సంతకం పెట్టేస్తాడని ఆమెకు తెలుసు. గడువు మూడు నెలలే మిగిలిందనీ తెలుసు. కాగితం మడిచి సంచీలో పెట్టుకుంది. "అయితే ఇవాళ సంతకం వద్దు బాబాయి గారూ. మనసు లేకుండా పెడితే మీకూ నాకూ తలనొప్పే. నెలకోసారి వచ్చి కనబడి పోవచ్చా?"

"రా" అన్నాడాయన, ఎటో చూస్తూ.

ఆఫీసులో మేనేజరు నెత్తి కొట్టుకున్నాడు. "నోటి దాకా వచ్చినదాన్ని వదిలేసొస్తావా?"

నెల తిరగ్గానే మొదటి మంగళవారం వెళ్ళింది. సంతకం ఊసెత్తలేదు. ఆ వీధిలో కొత్తగా అమ్ముడైన ఇంటి సంగతి చెప్పి, మెట్లు లేని నాలుగిళ్ళ జాబితా డ్రైవరు భార్యకిచ్చి వచ్చింది. రెండో నెల వెళ్ళేసరికి గేటుకు ఇంకో ఆఫీసు బోర్డు వేలాడుతోంది. ఎక్కువ ధర చెప్పినవాడిదే. ఆమె గంట నొక్కకుండానే వెనక్కి తిరిగింది. ఒకరి ఒప్పందం నడుస్తున్న ఇంటి దగ్గర ఇంకొకరు మంతనాలాడకూడదు, అది ఆ పనిలో కట్టుబాటు. వాడి ఒప్పందం నడుస్తుండగానే ఆమెకిచ్చిన ఆర్నెల్ల గడువూ అయిపోయింది. మళ్ళీ కౌంటరు దగ్గర కూర్చుంది. ఐదేళ్ళు ఎత్తిన ఫోన్లే మళ్ళీ ఎత్తింది. కానీ ఆ వీధి మీదుగా ఇంటికి వెళ్ళేటప్పుడు మాత్రం గేటు వైపు ఓ చూపు వేసేది.

ఒక సాయంత్రం బోర్డు లేదు. మర్నాడు మేనేజరును అడిగింది. "ఒక్క ఇంటికి వెళ్ళొస్తాను సార్. ఒక్కటే." ఆయన వద్దనలేదు.

డ్రైవరు గేటు దగ్గరే దొరికాడు. గొణిగాడు, "వాడు వారానికోసారి తగ్గించమని ప్రాణం తీశాడు. మనిషి పైకి ఎక్కనే లేదు."

ఆమె "నేను ముందే చెప్పాను" అనలేదు. "బాబాయి గారూ, అమ్మడం సంగతి పక్కన పెట్టండి. మెట్లు లేని ఇల్లు ఒకటుంది, ఊరికే చూసొద్దాం. పిన్ని గారు కూడా" అంది.

ఆవిడను మెట్లు దింపడానికి చాలాసేపు పట్టింది. మెట్టుకోసారి ఆగి, ఒక చెయ్యి గోడకు, ఒక చెయ్యి మొగుడికి. ఆ ఇంటికి వెళ్ళాక, వీధిలోంచి గేట్లోకి, గేట్లోంచి పెరట్లోకి ఆవిడ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నడిచింది. బావి గట్టు దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, "ఏమండీ, ఇటు రండి, నీడ బాగుంది" అని కేకేసింది. డ్రైవరు గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఆవిడ అలా దూరం నుంచి తనను పిలిచి ఎన్నేళ్ళయిందో అనుకున్నాడేమో. కండువాతో మొహం తుడుచుకుని, గేటక్కతో మెల్లగా అన్నాడు, "ఆ కాగితం తీసుకురా అమ్మాయ్."

ఒప్పందం మీద సంతకాలు వరండాలో జరిగాయి. ముందు ఆవిడ, తర్వాత ఆయన. శనివారం శనివారం ఆమె మెట్లెక్కి లెక్క ఒప్పజెప్పింది: ఎందరొచ్చారు, ఎవరికి ఏది నచ్చలేదు. కొనేవాళ్ళు వచ్చినప్పుడు డ్రైవరును స్కూటరు మీద ఏదో పనికి పంపేసేది. ఏడో వారంలో ఒక బడి పంతులు దంపతులకు ఇల్లు కుదిరింది. ఆమె మొదటి రోజు చెప్పిన ధరకు కాస్త అటూ ఇటూగా పలికింది. మేనేజరు ఏమీ అనకుండా ఆమె కౌంటరు కుర్చీలో ఇంకొకర్ని కూర్చోబెట్టాడు.

తాళాలు అప్పగించే రోజు డ్రైవరు పంతులుకు ఇల్లంతా తిప్పి చూపించాడు. చాడీలు లేవు. ఎండాకాలం ఆ పడమటి కిటికీకి తడిపిన గోనెపట్టా కడితే ఎంత చల్లగా ఉంటుందో పావుగంట చెప్పాడు. తర్వాతి ఏళ్ళలో ఆయన ఆమెకు నాలుగిళ్ళు చూపించాడు, అన్నీ తన పాత డిపో స్నేహితులవే. "ఈ అమ్మాయి సంతకం వద్దని లేచి వెళ్ళిన మనిషిరా" అని చెప్పి పంపేవాడట.

ఇప్పుడు డ్రైవరూ ఆయన భార్యా ఇద్దరూ లేరు. ఆ పనీ మారిపోయింది. ఫోన్లోనే మెసేజీలు, ఫోన్లోనే ఫొటోలు, గడప తొక్కకుండానే ఒప్పందాలు. ఆమె దాన్ని తప్పు పట్టదు. ఎవరైనా అడిగితే మాత్రం, ఆ పెరట్లో నడుస్తున్న మనిషిని వర్ణిస్తుంది. ఆవిడ ఆ రోజు పాదాలకు చెప్పులు కూడా వేసుకోలేదని, మట్టి చల్లగా ఉందని పదే పదే అన్నదని చెబుతుంది.