మా ఓనరక్క వైఫైకి అరబ్బీ మాత్రమే వచ్చు

రెడీమేడ్ చొక్కాలు కుట్టేవాళ్లకు మనుషుల చేతుల మీద ఏదో పాత పగ ఉన్నట్టుంది. మెడకు సరిపోయింది తీసుకుంటే చేతులు వేళ్ల చివరిదాకా దిగుతాయి. చేతులకు సరిపోయింది తీసుకుంటే, పై గుండీ పెట్టుకున్నాక ఊపిరి సంగతి మన ఇష్టం మీద ఉండదు. ప్రొద్దుటూరులో ఇన్ని బట్టల అంగళ్లున్నాయి కదా, నా కొలతల మనిషి ఒకడు భూమ్మీద తిరుగుతుంటాడని ఒక్కరికీ తోచలేదు.

మెడకు సరిపోయిందని కొన్న చొక్కా చేతులు కురచ చేయడానికే ఆ రోజు మధ్యాహ్నం, వీధి చివర మిషను పెట్టుకున్న టైలరు మామ సూదీదారం పట్టుకుని నేను అద్దెకుంటున్న ఇంటి ఓనరక్క హాల్లోకి వచ్చాడు. నాలుగు గంటలకు నాకు ఇంటర్వ్యూ. కెమెరా ముందు జరిగేది కాబట్టి నడుం పైన పెద్దమనిషి, నడుం కింద లుంగీ.

నాది జమ్మలమడుగు. పులివెందులలో బీటెక్ చదివాను. కనీసం సర్టిఫికెట్ అలా అంటోంది, నేను కాదనలేదు. ఆ తర్వాత రెండేళ్లుగా ప్రొద్దుటూరులో ఒక జిరాక్సు అంగట్లో కంప్యూటర్ ముందు కూర్చుని జనాల దరఖాస్తులు నింపుతున్నాను. ఇంటి దగ్గర మా నాయన దీన్ని సాఫ్ట్‌వేర్ అని చెప్పుకుంటున్నాడు. ఆయన మాట నిజం చేసే అవకాశం ఇన్నాళ్లకు ఒకటి వచ్చింది. హైదరాబాదు కంపెనీ, ఇంట్లోంచే పని, ఇది చివరి రౌండు. వాళ్ల షరతు ఒక్కటే: ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉండాలి, దాని వేగం మొదటే వాళ్లకు తెర మీద చూపించాలి. ఫోన్ హాట్‌స్పాట్ చెల్లదు.

బ్రాడ్‌బ్యాండ్ మా ఓనరక్క ఇంట్లో ఉంది. అక్క పన్నెండేళ్లు కువైట్‌లో ఇళ్లల్లో పనిచేసి వచ్చి ఈ ఇల్లు కట్టుకుంది. రౌటర్‌ను ఆమె తమ్ముడు కువైట్ నుంచి తెచ్చాడు, ఇక్కడివి నిలవవని. పాస్‌వర్డ్ తనే సొంత చేత్తో రెండు చోట్ల కొట్టాడు. ఒకటి అక్క పాత ఫోన్లో, ఇంకొకటి నా లాప్‌టాప్‌లో. నా ఫోన్లో పెట్టమంటే, "నీ ఫోన్ల పెడితే రీల్స్ సూసుకుంటా పండుకుంటావు అన్నా" అన్నాడు. మనిషిని అంచనా వేయడంలో అతనికి సాటి లేదు.

ఇంటర్వ్యూ రోజు పొద్దున లాప్‌టాప్ నిదానంగా ఉందనిపించి విండోస్ మొత్తం తీసేసి కొత్తగా ఎక్కించాను. నిజంగానే చురుకైంది. ఎంత చురుకైందంటే వైఫై పాస్‌వర్డ్‌తో సహా నన్నే మరిచిపోయింది.

తమ్ముడు అప్పటికే కువైట్ తిరిగి వెళ్లి లారీ తోలుతున్నాడు. పగలంతా ఫోన్ స్విచ్చాఫ్. తమ్ముడు మార్చకపోయి ఉంటే పాస్‌వర్డ్ రౌటర్ అడుగున స్టిక్కర్ మీద ఉంటుంది కదా అని తిప్పి చూశాను. స్టిక్కర్ ఉంది. దాని మీద అక్షరాలు లేవు.

"దుమ్ము పట్టిండాదని తుడిచినానప్పా" అంది అక్క. కువైట్‌లో నేర్చుకున్న తుడుపు. గోడ రంగు కూడా వణుకుతుంది.

తీగ పెట్టి లాప్‌టాప్‌కు నేరుగా కలుపుదామంటే, నేను ఫ్యాషన్‌కని కొన్న సన్నటి లాప్‌టాప్‌కు ఆ తీగ పట్టే రంధ్రమే లేదు. అక్క పాత ఫోన్ మాత్రం ఇంకా వైఫైలోనే ఉంది. కొత్త ఫోన్లయితే సేవ్ చేసుకున్న పాస్‌వర్డ్‌ను చూపిస్తాయి. దీనికి అంత వయసు రాలేదు, లేదా వచ్చి దాటిపోయింది. మిగిలిన దారి ఒకటే: ఆ ఫోన్ నుంచి రౌటర్ అడ్మిన్ పేజీలోకి పోవడం.

"ఐదు నిమిషాల పనక్కా" అన్నాను. అప్పుడు టైం రెండున్నర.

బ్రౌజర్‌లో 192.168.1.1 కొట్టాను. రెండు ఖాళీ డబ్బాలు వచ్చాయి. రెండింటిలోనూ admin అని కొట్టాను. తెరుచుకుంది. భద్రత విషయంలో తమ్ముడి నిర్లక్ష్యానికి మనసులోనే దండం పెట్టుకున్నాను. పేజీ వచ్చింది. మొత్తం అరబ్బీ. మెనూ కుడివైపు, రాత కుడి నుంచి ఎడమకు. బీటెక్‌లో ఉన్న ధైర్యమంతా ఎడమవైపే ఉండిపోయింది.

నా ఫోన్ కెమెరాతో అనువదించే యాప్ పెట్టి చూశాను. అక్క ఫోన్ తెర పగిలి, అడ్డంగా ఆకుపచ్చ గీతలు వేసింది. యాప్ ఆ పగుళ్లను కూడా అక్షరాలనుకుని "గొర్రె" అని ఒక చోట, "మూడు తలుపులు" అని ఇంకో చోట చెప్పింది. ఇంతలో పేజీ దానంతటదే మూసుకుపోయి మళ్లీ మొదటి డబ్బాల దగ్గరికొచ్చింది. కాసేపు ఏమీ నొక్కకపోతే అది బయటికి గెంటేస్తుంది. అందులో నాకు తప్పేమీ కనపడలేదు.

"అక్కా, పన్నెండేండ్లు ఆడుండావు గదా, ఇదేందో చదువు" అన్నాను.

"నేను అరబ్బీ మాట్లాడతానప్పా. సదవడం యాడొస్తాది? నాకు తెలుగే సంతకం కాడికి."

నా కుడిచేతి మణికట్టు దగ్గర గుండుసూదులు గుచ్చుతున్న మామ తలెత్తకుండానే అన్నాడు. "ఏదీ, ఇట్ల తే."

మామ చిన్నప్పుడు మదరసాలో చదివాడు, ఇప్పటికీ రోజూ ఖురాన్ చదువుతాడు. ప్రాణం లేచొచ్చి ఫోన్ చేతిలో పెట్టాను. ఆయన కళ్లద్దాలు నుదుటి నుంచి దించుకుని చాలాసేపు చూశాడు.

"ఏం రాసినాడప్పా వీడు! జేర్ లేదు, జబర్ లేదు. బోడి అచ్చరాలు." అక్షరాలకు పైనా కిందా పెట్టే గుర్తులు లేవని ఆయన బాధ. తరువాత అడిగాను, అర్థం ఏమిటని.

"అర్థం నాకెట్ల తెలుస్తాది? నేను సదవతా. అంతే."

హాల్లో ఉన్నది ముగ్గురం. ఒకరికి చదవడం వచ్చు, అర్థం రాదు. ఒకరికి అర్థం వచ్చు, చదవడం రాదు. మూడో మనిషికి బీటెక్ వచ్చు.

అక్కకే తోచింది. "మామా, నువ్వు గట్టిగా సదువు. నేను ఇంటా."

అలా మొదలైంది. మామ కూడబలుక్కుని చదవడం, అక్క చెవి ఒగ్గడం, నేను వేలు గాల్లో పెట్టుకుని కాచుకోవడం. "అల్... షబకా" అని మామ అంటే, "షబకా అంటే నెట్టే! షబకా మాఫీ, షబకా మాఫీ, నెట్టు లేదని కువైట్‌లో మా మేడం రోజూ అరుస్తా ఉండె" అంది అక్క. ఒక్కోసారి మామ ఉచ్చారణకు అక్క తల అడ్డంగా ఊపేది. "అట్ల గాదు మామా, ఇంగొక తూరి." మామ మొహం చిన్నబోయేది. రోజూ తప్పు లేకుండా చదివే మనిషికి ఒక రౌటర్ తప్పులు పట్టడం బాధే.

మూడుంబావుకు నాకు ఓపిక పోయింది. ఏ రౌటర్‌లోనైనా సెట్టింగులు చివరి మెనూలోనే ఉంటాయని, నాకు ఆ మాత్రం తెలుసని, అడగకుండానే లోపలికి పోయాను. అక్కడ నిలువుగా నాలుగైదు వరుసలు, ఒకదాని పక్కన పెద్ద బటన్. బటన్ పెద్దదంటే ముఖ్యమైనదే అయి ఉంటుందనుకుని వేలు దించబోయాను.

"ఉండప్పా, తొందరేంది? సదవనీ" అని మామ నా చేయి పట్టుకున్నాడు. సూది పట్టుకున్న చేత్తోనే. "ఇఆదత్... జబ్త్... అల్ మస్నా."

"మస్నానా? మస్నా అంటే ఫ్యాక్టరీ. మా తమ్ముడు ముందు మస్నాలోనే పంజేసినాడు" అంది అక్క. "ఇంట్ల ఫ్యాక్టరీ యాడిది?"

వేలు మడిచేసుకున్నాను. ఫ్యాక్టరీ రీసెట్. నొక్కి ఉంటే తమ్ముడు పెట్టిన పాస్‌వర్డ్ పోయి, పుట్టినప్పటి పాస్‌వర్డ్ వచ్చేది. అది అక్క తుడిచేసిన స్టిక్కర్ మీద మాత్రమే ఉండేది. అక్క ఫోన్ కూడా బయటపడేది. ముగ్గురం కలిసి ఖాళీ స్టిక్కర్‌కేసి చూస్తూ నాలుగు కొట్టించేవాళ్లం.

"ఏం లేదులే అక్కా, పక్కది చూద్దాం" అన్నాను, నింపాదిగా.

దాని కింద వరుస చదివాడు మామ. "అల్... లుగా."

"లుగా అంటే భాష!" అక్క చప్పట్లు కొట్టింది. "లుగా ఎంగిలీస్ మాలూమా, ఇంగ్లీసు వచ్చునా అని అడుగుతా ఉండ్రి నన్ను ఇండ్లల్ల."

నొక్కాను. చిన్న పెట్టె, దాన్ని నొక్కితే ఒక జాబితా. రెండో వరుసలో English అని ఉంది. అది మాత్రం ఎవరి సాయమూ లేకుండా నేనే చదివాను. ఎంచుకున్నాను. ఏమీ మారలేదు. కింద ఒక బటన్ ఉంది. ఇందాకటి అనుభవంతో వేలు వెనక్కి తీసుకున్నాను.

మామ వంగి చూసి నవ్వాడు. ఆ మధ్యాహ్నం ఆయన నవ్వడం అదే మొదలు. "హిఫ్జ్. ఇది నాకు తెలుసు. ఖురాన్ మొత్తం గుర్తుపెట్టుకుంటే హిఫ్జ్ అంటారు. నొక్కు, గుర్తుపెట్టుకుంటాది."

సేవ్ బటనే. పేజీ ఒక్క క్షణం తెల్లబడి, మెనూ ఎడమవైపుకు దూకి, ఇంగ్లీషులో నిలబడింది. అప్పటికి నాలుగుకు ఇరవై నిమిషాలు తక్కువ.

Wireless, దాని కింద Wireless Security. పాస్‌వర్డ్ చోట వరసగా చుక్కలున్నాయి. పక్కన కన్ను గుర్తు నొక్కాను. చుక్కలు పోయి అక్షరాలొచ్చాయి: akkakicheppoddu1.

"ఏముందప్పా?" అంది అక్క.

"ఊరికే ఏవో నంబర్లక్కా" అన్నాను.

సిగ్నల్ బాగుంటుందని రౌటర్ పక్కనే, అక్క హాల్లోనే కూర్చున్నాను. కుడిచేయి కుట్టు పూర్తయింది. ఎడమచేయి గుండుసూదుల మీదే ఉంది కాబట్టి దాన్ని బల్ల కింద పెట్టుకున్నాను. అక్కా మామా కెమెరాకు కనపడకుండా చాప మీద కూర్చున్నారు, ఊపిరి కూడా బిగబట్టి. వేగం చూపించాను. తెర అవతల ఇంటర్వ్యూ చేస్తున్న మేడం తృప్తి పడింది. మా కస్టమర్లంతా తెలుగువాళ్లే, తెలుగులోనే మాట్లాడండి అంది. నాకు ఇంకా హాయిగా అనిపించింది.

"మీకు పరిచయం లేని సిస్టమ్ ఎదురైతే ఏం చేస్తారు? మీ అనుభవం ఏదైనా చెప్పండి."

ఇలాంటి ప్రశ్న కోసమే దేవుడు ఈ మధ్యాహ్నాన్ని పంపాడనిపించింది. ఈమధ్యే ఒక విదేశీ రౌటర్ ఎదురైందని, పేజీ మొత్తం అరబ్బీలో ఉందని, మెనూ అమరికను బట్టి తర్కంతో ఆలోచించి, ఫ్యాక్టరీ రీసెట్ ప్రమాదాన్ని ముందే పసిగట్టి, ఒక్కొక్క పదం విడదీసుకుంటూ భాష మార్చే చోటు నేనే కనుక్కున్నానని చెప్పాను. 'ఒత్తిడిలోనూ నేను తొందరపడను' అని కూడా అన్నాను.

"ఎవరి సహాయమూ లేకుండానా? గ్రేట్" అంది మేడం, ఏదో రాసుకుంటూ.

చాప మీద నుంచి అక్క లేచి నిలబడింది. మైకు ఆన్‌లో ఉంది.

"సదివింది మామ, అర్థం చెప్పింది నేను. నువ్వేం చేసినావప్పా, యేలు పెట్టి నొక్కేది తప్ప?"