చీటీ అక్కరలేని అర

ఆ వీధిలో అందరూ ఆయన్ని హాఫ్ డాక్టరు అంటారు. ముప్ఫై ఏళ్లుగా మందుల షాపు కౌంటరు వెనక నిలబడ్డ మనిషి. ఎవరైనా "అన్నా, కాళ్లు లాగేస్తున్నాయి" అనడమే ఆలస్యం, వెనక్కి తిరగకుండానే చెయ్యి చాపి డబ్బా తీసేవాడు. అందుకు ఆయనకు కాస్త గర్వం. కాస్తేమిటి, బోలెడు.

ఆయన లెక్కలో షాపులో ఉన్నవి రెండే రకాలు. డాక్టరు చీటీ ఉంటేనే ఇచ్చేవి మందులు. ఎడమవైపు అరలో, చీటీ లేకుండా ఇచ్చేవి మందులు కావు, "బలానికి". మొదటి వాటి దగ్గర ఆయనంత నిక్కచ్చి మనిషి లేడు. సొంత బావమరిది బతిమాలినా ఇవ్వలేదు. రెండో అర దగ్గర మాత్రం చెయ్యి ధారాళం.

భార్య కిడ్నీలు నూటికి ఇరవై పాళ్లే పనిచేస్తున్నాయని తెలిశాక ఆ అరే ఆయనకు దిక్కయింది. పిక్కలు పట్టేస్తున్నాయంటే మెగ్నీషియం మాత్ర. విరేచనం కావట్లేదంటే తెల్లటి సిరప్, అందులోనూ మెగ్నీషియమే. నీరసమంటే ప్రోటీన్ పొడి. ఇవి చాలవన్నట్టు, "కిడ్నీలను శుభ్రం చేస్తుంది" అని డబ్బా మీద రాసిన మూలికల పొడి, పూటకో చెంచా. ఒళ్లంతా దురదంటే పైపూత. చూపించుకోవడానికి వెళ్లిన ప్రతిసారీ కిడ్నీల డాక్టరమ్మ "ఇంకేమైనా వాడుతున్నారా?" అని అడిగేది. "మీరు రాసిన మందులే మేడమ్" అనేవాడు. అబద్ధమాడుతున్నానని ఆయన అనుకోనే లేదు. అక్కడే వచ్చింది చిక్కంతా.

ఆ మంగళవారం మధ్యాహ్నం భోజనానికి ఇంటికొస్తే ఆవిడ వంటగది గుమ్మంలో గోడకు చేరగిలబడి ఉంది. పిలిస్తే కళ్లు తెరిచి, మళ్లీ మూసేసింది. ఆయన వెంటనే ఆటో పిలిచాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆవిడ మోకాలి కింద చిన్న సుత్తితో తట్టింది. కాలు కదల్లేదు. గుండె పరీక్ష కాగితం చూసి, కాల్షియం ఇంజెక్షన్ అర్జెంటుగా ఎక్కించమని నర్సుకు చెప్పి, ఆయన వైపు తిరిగింది.

"పొటాషియం విపరీతంగా పెరిగింది. నాడి నలభై దాటట్లేదు. కానీ ఈ మగత, ఈ చచ్చుదనం దాంతోనే రావు. ఏమిస్తున్నారు ఈవిడకి? మాత్ర, పొడి, కషాయం, ఏదైనా సరే చెప్పండి."

చెబితే ముప్ఫై ఏళ్ల పరువు గంగలో కలుస్తుంది. చెప్పకపోతే మనిషే పోతుంది. ఛీ, ఇందులో ఆలోచించడానికేముంది? అయినా ఆలోచించాడు, రెండు క్షణాలు. ఆ రెండు క్షణాలకు తనను తాను ఎన్నటికీ క్షమించుకోలేడు.

"మెగ్నీషియం మాత్రలు మేడమ్... సిరప్ కూడా. ప్రోటీన్ పొడి. మూలికల పొడి. అన్నీ నేనే ఇచ్చాను."

డాక్టరమ్మ అరవలేదు. మామూలు పరీక్షల్లో మెగ్నీషియం చూడరు కాబట్టి, వెంటనే అదీ చూడమని ల్యాబుకు ఫోన్ చేసింది. తర్వాత చెప్పింది. "ఈ మగత మెగ్నీషియం వల్లే అయ్యుండాలి. మంచి కిడ్నీలైతే ఎక్కువైనదాన్ని మూత్రంలో పంపించేస్తాయి. ఈవిడకి ఆ దారి దాదాపు మూసుకుపోయింది. మీరిచ్చిన ప్రతి చెంచా లోపలే పేరుకుపోయింది. ఆ ప్రోటీన్ పొడిలో ఫాస్ఫరస్ ఉంటుంది. దురద దానివల్లే అయ్యుండొచ్చు, ఎముకల్నీ గుల్ల చేస్తుంది. మూలికల్లోనూ పొటాషియం ఉంటుంది. కొన్ని మూలికలైతే మిగిలిన కిడ్నీని కూడా తినేస్తాయి."

ఆవిణ్ణి డయాలిసిస్ గదిలోకి తీసుకెళ్లారు. అద్దం తలుపు బయట ఆయన నిలబడే ఉన్నాడు. ఎవరో కుర్చీ చూపించారు, కూర్చోలేకపోయాడు. చేతులారా చేసుకున్నానే అని ఏడ్చాడు.

మర్నాడు పదింటికి ఆవిడ కళ్లు తెరిచింది. గొంతు పీలగా వచ్చింది.

"ఏమండీ, పొద్దున పొడి ఇవ్వలేదేం?"

ఆయన చెప్పేశాడు. దాచకుండా, మొత్తం. ఉన్న ఇరవై పాళ్లలో ఎంత మిగిలిందో తెలియదని, ఇక వారం వారం ఈ మిషన్ తప్పకపోవచ్చని కూడా. తిడుతుందనుకున్నాడు. తిట్టినా బాగుండేది.

"మన సందు చివర ఉండే ఆ డ్రైవరుకీ కిడ్నీల జబ్బే కదండీ," అంది ఆవిడ. "నాకిచ్చినవన్నీ అతనికీ ఇచ్చారు. ముందు ఫోన్ చెయ్యండి."

ఆయన వరండాలోకి పరిగెత్తాడు. మూడుసార్లు మోగాక డ్రైవరు భార్య ఎత్తింది.

"నిద్రపోతున్నారు అన్నయ్యా. రాత్రి నుంచీ ఒకటే మగత. నీరసమేమోనని పొడి ఇంకో చెంచా ఎక్కువ కలిపాను, తాగించమంటారా?"

"వద్దమ్మా!" ఆయన అరుపుకు వరండాలో అందరూ తిరిగి చూశారు. "చుక్క కూడా తాగించకు. అంబులెన్సు పిలిచి ఇప్పుడే ఆసుపత్రికి తీసుకురా. డబ్బాలు, సీసాలు అన్నీ సంచిలో వేసుకురా. డాక్టరు అడగకముందే చెప్పు, నేనిచ్చానని చెప్పు."