దీపాల వేళ దొరవారి పరుగు

పెళ్ళయిన కొత్తలో మేము పటాన్‌చెరు పక్క ఊళ్ళో ఒక పెద్దావిడ ఇంట్లో కిరాయికి ఉండేవాళ్ళం. మావారికి అక్కడి ఫ్యాక్టరీలో ఉద్యోగం. మాది గోదావరి వైపు. ఆవిడది ఆ ఊరే. పొలం కొంత ఫ్యాక్టరీలకు పోగా మిగిలిన దాంట్లో జొన్న వేయించి, రెండు బర్రెలను పెట్టుకుని కాలక్షేపం చేసేది. ఊళ్ళో అందరిలాగే నేనూ ఆవిడను అవ్వ అని పిలిచేదాన్ని. ఆవిడ వాకిలికీ మా వంటగదికీ మధ్య ఒక తలుపు ఉండేది. దానికి గడియ ఉన్నా ఎవరమూ వేసేవాళ్ళం కాదు.

జొన్న బస్తాలకు ఎలుకలు పట్టాయని అవ్వ జోగిపేటలో తమ్ముడింటి నుంచి ఒక పిల్లికూనను గంపలో పెట్టుకుని బస్సులో తెచ్చింది. నారింజ రంగు, మగది. వచ్చిన నాటి నుంచీ అది ఎలుకల జోలికి పోకుండా బస్తాల మీదే కాళ్ళు బారజాపి పడుకునేది. పొద్దున పాలు తాగి పడుకుంటే ఎండ జరిగిన కొద్దీ తానూ జరుగుతూ సాయంత్రం దాకా నిద్రే. దాన్ని చూసి అవ్వ, "దొర లేసిండా? దొర తిన్నడా?" అని ఎగతాళి చేసేది. అలా దానికి దొర అన్న పిలుపే స్థిరపడింది.

నెలలు గడిచి దొర ఒళ్ళు సాగాక ఒక సాయంత్రం ఈ కథ మొదలైంది. నేను దీపం వెలిగిస్తున్నాను. మావారు డ్యూటీ నుంచి వచ్చి, టీ గ్లాసు పక్కన పెట్టుకుని, చాప మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. ఆయన ఒకసారి అలా కూర్చున్నారంటే అన్నానికి పిలిచే దాకా కదిలే మనిషి కారు. అంతలో అవ్వ వాకిట్లోంచి ఏదో రాయి విసిరినట్టు దొర దూసుకొచ్చాడు. తోక సీసాలు కడిగే బ్రష్షులా ఉబ్బిపోయింది. చెవులు వెనక్కి, కళ్ళు గాజు గోళీల్లా. మావారి కాళ్ళ మీద నుంచి దూకి, టీ గ్లాసు పడదోసి, మంచం ఎక్కి, కర్టెన్‌ను సగం పాకి, దిగి, మళ్ళీ అవ్వ వాకిట్లోకి, అక్కడి నుంచి మళ్ళీ మా వంటగదిలోకి. వీపు విల్లులా వంచి పక్కకు పక్కకు నడిచాడు. ఎవరూ లేని మూలను చూసి ఉలిక్కిపడ్డాడు. మళ్ళీ పరుగు. ఆ తరువాత ఏమీ జరగనట్టు గడప మీద కూర్చుని కాలు నాక్కున్నాడు.

దాని వెనకే అవ్వ తలుపు దగ్గరకు వచ్చింది.

"గాలి సోకింది బిడ్డా. మూలకు ఏమో కండ్లపడ్డది గీనికి," అంది అవ్వ.

"గాలే. ఫ్యాక్టరీ గాలి. సాయంత్రమయితే వాసన వదులుతారు కదా, అది తలకెక్కింది," అన్నారు మావారు చొక్కా మీద టీ తుడుచుకుంటూ.

నాకు మాత్రం పిచ్చికుక్క భయం. దాన్ని ఏ కుక్కయినా కరిచిందేమో, అది ఇప్పుడు మమ్మల్ని కరుస్తుందేమో అనిపించి చీర కుచ్చెళ్ళు పైకి పట్టుకుని స్టూలు ఎక్కాను.

మరునాడు అదే వేళకు అదే పరుగు. ఆ మరునాడూ అంతే. అవ్వ ఊరుకోలేదు. ఎండు మిరపకాయలు, ఉప్పు చేత పట్టుకుని దొర చుట్టూ దిష్టి తీసి నిప్పుల్లో వేసింది. ఘాటుకు మా అందరికీ దగ్గు పట్టుకుంది. మావారు వీధిలోకి పరుగెత్తారు. దొర రెండు తుమ్ములు తుమ్మి మరింత హుషారుగా బస్తాలెక్కాడు.

"ఇగ లాభం లేదు, బర్రెల డాక్టర్ సారుకే సూపెడదాం," అంది అవ్వ కళ్ళు ఒత్తుకుంటూ.

సంగారెడ్డిలో పశువుల ఆసుపత్రికి మావారు స్కూటరు నడపగా, నేను వెనక కూర్చుని మూత ఉన్న గంపను ఒళ్ళో పెట్టుకుని వెళ్ళాం. అవ్వ బస్సులో ముందే చేరుకుని, మేము వచ్చేసరికి డాక్టరుగారికి దయ్యం సంగతి, ఫ్యాక్టరీ గ్యాసు సంగతి సగం చెప్పేసింది. చుట్టూ బర్రెలు, మేకలు. మూత తీస్తే దొర గంపలో చుట్టలా చుట్టుకుని, ఇంత మంచివాడు లోకంలో లేడన్నట్టు నిద్రపోతున్నాడు.

డాక్టరుగారు దాని పళ్ళు, కళ్ళు, చెవులు చూశారు. ఒళ్ళంతా తడిమారు. "ఉరికినంక ఏం చేస్తడు?" అని అడిగారు.

"కూర్చుంటుందండీ. కాలు నాక్కుంటుంది. ఆ తరువాత అన్నం తిని పడుకుంటుంది," అన్నాను.

"తనంతట తనే ఆగుతదా? పిలిస్తే చూస్తదా?"

"చూస్తుందండీ. చూసి మళ్ళీ పరుగెడుతుంది."

"తూలుతదా? చొంగ కారుస్తదా? నొప్పికి అరిసినట్టు అరుస్తదా?"

"అట్లేం లేదు సారు. బూడిద డబ్బాల దొడ్డికి కూసొని వచ్చినంక గూడ ఒక చుట్టు ఉరుకుతడు, పెద్ద గనకార్యం చేసినట్టు," అంది అవ్వ.

డాక్టరుగారు నవ్వి మావారి వైపు తిరిగారు. "సార్, డ్యూటీ అయినంక మీరు ఇంటికొచ్చి ఏం చేస్తరు?"

"కూర్చుంటానండీ."

"గీనికి అప్పుడే డ్యూటీ మొదలయితది. పిల్లి వేటాడే వేళ తెల్లారు జాము, పొద్దు గూకే జాము. పొద్దంతా పండి బలం కూడబెడతడు. అడవిలో ఉంటే ఎలుక ఎనక, పిట్ట ఎనక ఉరికి ఖర్చు పెడుతుండె. మీ ఇంట్ల పాలు గిన్నెలకే వస్తయి. మరి ఆ బలమంతా యాడికి పోవాలె? వయసు పిల్లి గద. దయ్యం లేదు, గ్యాసు లేదు."

"మరి పిచ్చి?" అని మెల్లగా అడిగాను.

"పిచ్చి పట్టినదయితే గిట్ల హాయిగ తిని పండదమ్మా. ఎందుకైన మంచిది, టీకా ఏస్త." టీకా వేస్తుంటే దొర ఒక కన్ను మాత్రం తెరిచాడు.

మందు ఏమీ రాయలేదు. సాయంత్రం అన్నం పెట్టే ముందు దాన్ని బాగా ఆడించమన్నారు. ఆడి, వేటాడిన తృప్తితో తిని, ఒళ్ళు నాక్కుని పడుకుంటుందట. తాడుతో ఆడిస్తే ఆట కాగానే తాడు ఎత్తి దాచాలి, మింగితే పేగులకు చుట్టుకుంటుంది. వెంటబడి పట్టుకోకూడదు, తిట్టకూడదు. కింద పడి పగిలేవి ముందే తీసిపెట్టుకోవాలి. వెళ్ళబోతుంటే ఒక మాట చెప్పారు. "ఆట ఆటలెక్క ఉన్నన్ని దినాలు నవ్వుకోండి. తిండి మానినా, ఉచ్చ పోయలేక మళ్ళ మళ్ళ డబ్బా కాడికి ఉరికినా, తననే తాను కొరుక్కున్నా జల్దీ తీసుకరాండ్రి. ముసలి పిల్లి ఉన్నట్టుండి ఉరకబట్టినా సరే."

ఆడించే పని మావారి మీద పడింది. ఆయన లేచి నడవడమే ఇంట్లో వింత అయితే, నవారు ముక్కకు గుడ్డ ముడి కట్టుకుని పంచె ఎగ్గట్టి వాకిలంతా పరుగెత్తడం ఇంకో వింత. దొర బస్తా వెనక నక్కి, వెనక భాగం ఊపి, ఒక్క దూకు దూకేవాడు. మావారు "అమ్మో!" అని ఎగిరేవారు. అవ్వ నులక మంచం మీద కూర్చుని చూసి, "ఎవరు ఎవర్ని ఆడిస్తుండ్రు బిడ్డా?" అనేది. ఆట తరువాత ఇద్దరికీ ఒకేసారి అన్నం పెట్టేదాన్ని. ఇద్దరూ ఒకేసారి నిద్రపోయేవారు. కర్టెన్ బతికిపోయింది.

వానాకాలం వచ్చింది. ఒక మధ్యాహ్నం దొర మంచి నిద్రలోంచి ఉలిక్కిపడి లేచి గది ఈ చివరి నుంచి ఆ చివరకు ఉరికాడు. ఆగి, చటుక్కున వెనక్కి తిరిగి తోక మొదట్లో కొరుక్కున్నాడు. మళ్ళీ ఉరికాడు. నేను పెద్దగా పట్టించుకోలేదు. మావారయితే ఇప్పుడు పిల్లుల శాస్త్రం అంతా తెలిసినవారు. "వయసు పిల్లి. బలం ఖర్చు పెట్టుకుంటోంది," అన్నారు గంభీరంగా.

రెండో రోజూ అదే. వేళాపాళా లేదు. గిన్నెలో అన్నం సగం మిగిలిపోతోంది. అవ్వ దొర వీపు మీద చెయ్యి వేయగానే చర్మం అలలా వణికింది. దొర గుర్రుమని తప్పించుకుని మంచం కింద దూరాడు.

"గిది ఆట గాదు బిడ్డా," అంది అవ్వ.

"డాక్టరుగారు చెప్పారు కదా అవ్వా," అన్నారు మావారు.

"చెప్పిండు. జెర నీ తాడు పట్కరా."

ఆయన తాడు తెచ్చి మంచం ముందు ఆడించారు. దొర దాని వైపు కన్నెత్తి చూడలేదు. లోపల కూర్చుని తన తోకనే కొరుక్కుంటున్నాడు. మావారి మొహం వాడిపోయింది. చొక్కా వేసుకుని గంప తెచ్చారు. మా ఇంట్లో ఒక పనికి ఆయన అంత తొందరగా కదలడం అదే మొదటిసారి చూశాను.

అవ్వ బర్రెల ఒంటికి పట్టే గోమార్లకు చల్లే పురుగుల పొడి కొంగున మూటగట్టుకుని ఆసుపత్రికి వచ్చింది. దురదయితే ఇది చల్లుదామని ఆమె ఆలోచన. డాక్టరుగారు చూసి మూట మీద చెయ్యి పెట్టేశారు. "అవ్వా, బర్రె ఒళ్ళు నాక్కోదు. పిల్లి నాక్కుంటది. ఇది కడుపులకు పోతే ఫిట్స్ వచ్చి సస్తది. బర్రెలవి, కుక్కలవి మందులు పిల్లికి అసలే ఏయొద్దు."

అవ్వ మూటను మళ్ళీ కొంగులో దోపుకుంది. ఆయన దొర వెంట్రుకలు విప్పి చూపించారు. తోక మొదట్లో వెంట్రుకలు పలచబడి చర్మం ఎర్రగా ఉంది. నల్లటి నలకలు కొన్ని రాలితే తడి దూదిలో అద్దారు. నలకల చుట్టూ ఎర్రటి మరక పాకింది. "గిది రక్తం. పేను కన్న చిన్న పురుగులు, దుముకుతయి. కుట్టి రక్తం తాగి గిట్ల ఇడుస్తయి. గీనికి ఆ కాటు పడతలేదు." దురదకు ఒక సూది వేశారు. రోజూ పేల దువ్వెనతో దువ్వి, చిక్కిన పురుగులను సబ్బు నీళ్ళలో ముంచమన్నారు. దొర పడుకునే గుడ్డలూ గోనెపట్టాలూ వేడి నీళ్ళలో ఉతికి ఎండబెట్టమన్నారు. ఇల్లు మూలమూలలా ఊడ్వమన్నారు.

పురుగులు ఎక్కడివో తెలిసింది. వానకు వీధికుక్క ఒకటి అవ్వ గడ్డివాము సందున పడుకుంటోంది, మధ్యాహ్నాలు దొర మకామూ అక్కడే. అవ్వ ఆ గడ్డి తీయించేసింది. పేల దువ్వెన ఆవిడదే. దొరను ఒళ్ళో పెట్టుకుని, నేను సబ్బు నీళ్ళ గిన్నె పట్టుకుంటే, మావారు తల నిమురుతుంటే, ముగ్గురం కలిసి ఒక పిల్లికి పేలు చూశాం. ఎదురింటావిడ వచ్చి చూసి, వచ్చిన దారినే వెనక్కి వెళ్ళిపోయింది.

వాన తెరిపినిచ్చినప్పుడల్లా గుడ్డలు ఎండబెడుతూ, మళ్ళీ తడిస్తే మళ్ళీ ఉతుకుతూ గడిపాం. దొర తిండి పెరిగింది. పగలు ఉలిక్కిపడటం తగ్గింది. కానీ సాయంత్రాలు మంచం మీద ముడుచుకుని పడుకునేవాడు. మావారు తాడు ఆడించి, ఆడించి, మడిచి దాచేవారు. ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందో అప్పుడు తెలిసింది నాకు.

ఒక సాయంత్రం అవ్వ పాలు పితికి తెచ్చి గిన్నె గట్టు మీద పెట్టింది. వెనక నుంచి సర్రున ఏదో దూసుకుపోయింది. ఉబ్బిన తోక ఒకటి గట్టు దాటింది, గిన్నె దబ్బున పడింది, పాలు వాకిలంతా పారాయి. చుక్క పాలు ఒలికితే ఊరంతా వినపడేలా అరిచే మనిషి అవ్వ. నేను భయంగా ఆవిడ వైపు చూశాను.

అవ్వ నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. దొర బస్తాలెక్కి, దిగి, లేని ఎలుక మీద దూకి, పాలల్లో జారి, లేచి మళ్ళీ పరుగందుకున్నాడు.

"పోనియ్యి బిడ్డా, ఉరకనీ," అంది అవ్వ. "మీ సారును పిలువు, జల్దీ తాడు పట్కరమ్మను."